సాయంత్రం ఆరున్నరకు రావాల్సిన వీడియో

2026లో ఉగాది మార్చి 19, గురువారం. బొబ్బట్లు ఎలా చేయాలో చెప్పే వీడియో పండగనాడు పొద్దున్నే వస్తే చూసేవాళ్లకు ఉపయోగం తక్కువ. పచ్చిశనగపప్పు, బెల్లం, నెయ్యి తెచ్చుకోవాలి. పప్పు నానాలి, పిండి నానాలి. అందుకే వంటల ఛానల్ నడిపేవాళ్లు రెండు రోజుల ముందు, అంటే మంగళవారం సాయంత్రానికి, జనం ఇళ్లకు చేరి ఫోన్ చేతిలోకి తీసుకునే వేళకు వీడియో అందేలా చూసుకుంటారు. ఆరున్నరకు నోటిఫికేషన్ వెళ్తుంది. ఛానల్ అంటే ఇష్టం ఉన్నవాళ్లు వెంటనే నొక్కుతారు. అప్పుడు బొమ్మ మసకగా ఉంటే, సబ్‌టైటిల్ బటన్ నొక్కినా అక్షరాలు రాకపోతే, మొదటి గంటలో వచ్చిన ఆ ప్రేక్షకులంతా సగం తయారైన వీడియోనే చూసి వెళ్లిపోతారు.

ఇలాంటప్పుడు కెమెరా తప్పేమీ ఉండదు. ఎడిటింగ్ తప్పూ ఉండదు. ఫైలు యూట్యూబ్‌కు చేరడం ఒక పని, చేరిన ఫైలు చూడటానికి సిద్ధం కావడం ఇంకో పని. ఈ రెండింటి మధ్య పట్టే సమయాన్ని లెక్కలో వేసుకోకపోవడం వల్లే ఇది జరుగుతుంది. అంత సమయం ఎందుకు పడుతుందో, ఎంత వదులుకోవాలో తెలియాలంటే ఒక వీడియోను మొదటి నుంచి చివరిదాకా వెంబడించి చూడటమే మంచి దారి.

ఒంగోలులో ఒక ఇంటి వంటగదిలో తీసిన బొబ్బట్ల వీడియో అనుకుందాం. నిడివి 14 నిమిషాలు. 4కే నాణ్యతలో, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీశారు. ఎడిటింగ్ చేసే కుర్రాడు హైదరాబాద్‌లో ఉంటాడు. చూసేవాళ్లు కోస్తాలోనూ తెలంగాణలోనూ ఉన్నారు, డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్నారు.

ముందు ఫైలు బరువు చూద్దాం. 4కే వీడియోకు సెకనుకు 35 నుంచి 45 మెగాబిట్లు ఉండాలని యూట్యూబ్ సూచిస్తుంది. మధ్యలో 40 పట్టుకుంటే 14 నిమిషాలకు 33,600 మెగాబిట్లు, అంటే సుమారు 4.2 జీబీ. ఇంటి ఫైబర్ కనెక్షన్‌లో పైకి పంపే వేగం నిజంగా 10 మెగాబిట్లు ఉంటే ఈ ఫైలు ఎక్కడానికి 56 నిమిషాలు చాలు. ఫోన్ హాట్‌స్పాట్ మీద వేగం 3 మెగాబిట్లకు పడిపోతే మూడు గంటలు దాటుతుంది. నెట్ కంపెనీ ప్రకటనల్లో పెద్దగా కనిపించే అంకె చాలాసార్లు కిందికి దిగే వేగానిది. పైకి ఎక్కే వేగం దానిలో నాలుగో వంతు కూడా లేని ప్లాన్లు ఉంటాయి. స్పీడ్ టెస్ట్ పెట్టినప్పుడు రెండో అంకె చూసి, దానితోనే లెక్క వేసుకోవాలి.

అదే వీడియోను 1080పిలో తీస్తే యూట్యూబ్ సూచించే వేగం సెకనుకు 8 మెగాబిట్లే. ఫైలు 840 ఎంబీకి దిగుతుంది, 10 మెగాబిట్ల నెట్ మీద పదకొండు పన్నెండు నిమిషాల్లో ఎక్కిపోతుంది. బొబ్బట్లు ఒత్తే చేతులు చూడటానికి ఫోన్ మీద 1080పి నిండుగా సరిపోతుంది. పండగ ముందు రోజుల్లో, తేదీ జరపడానికి వీల్లేని వీడియోకు నేనైతే 4కే జోలికి వెళ్లను. కానీ ఈ ఛానల్‌వాళ్లకు టీవీలో చూసే ప్రేక్షకులు ఎక్కువ, అందుకని 4కే కావాలనుకున్నారు. అలాగే కానిద్దాం.

ఈ ఫైలు ఎక్కడి నుంచి ఎక్కాలన్నది అందరూ మరిచిపోయే ప్రశ్న. హైదరాబాద్‌లో కుర్రాడు ఫైలు తయారుచేసి, డ్రైవ్‌లో పెట్టి, ఒంగోలులో అక్క దాన్ని దింపుకుని, మళ్లీ యూట్యూబ్‌కు ఎక్కిస్తే అదే 4.2 జీబీ మూడుసార్లు ప్రయాణం చేస్తుంది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుదామంటే అక్కడ పరిమితి 2 జీబీ. మామూలు వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని నొక్కి చిన్నది చేస్తుంది, ఆ దెబ్బతిన్న ఫైలే ఛానల్‌కు ఎక్కుతుంది. యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ అనే చోటు ఉంది. అక్కడ కుర్రాడి జీమెయిల్‌ను ఎడిటర్‌గా చేర్చితే, పాస్‌వర్డ్ ఇవ్వకుండానే అతను హైదరాబాద్ నుంచే నేరుగా ఎక్కించగలడు. మూడు ప్రయాణాలు ఒకటవుతాయి.

ఫోన్ నుంచి ఎక్కించేవాళ్లు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. యూట్యూబ్ యాప్‌లో వైఫై మీద మాత్రమే అప్‌లోడ్ చేయమనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉండి ఫోన్ మొబైల్ డేటా మీద ఉంటే వీడియో కదలకుండా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఎక్కిందనుకుని మనం పడుకుంటాం.

ఎక్కిన తర్వాత ఏం జరుగుతుంది

అప్‌లోడ్ వంద శాతం అయ్యాక కంప్యూటర్ ఆపేయవచ్చు. అప్పటిదాకా మాత్రం బ్రౌజర్ ట్యాబ్ మూయకూడదు. ఆ తర్వాతి పని అంతా యూట్యూబ్ సర్వర్లలో జరుగుతుంది. దాన్నే ప్రాసెసింగ్ అంటారు.

మనం పంపింది ఒకే ఫైలు. దాన్ని చూసేవాళ్లలో బస్సులో టూజీ సిగ్నల్ మీద ఉన్నవాళ్లు ఉంటారు, 55 అంగుళాల టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఉంటారు. అందరికీ సరిపడాలంటే అదే వీడియోను 144పి నుంచి 360పి, 720పి, 1080పి మీదుగా 2160పి దాకా రకరకాల సైజుల్లో మళ్లీ తయారు చేయాలి. యూట్యూబ్ ముందు చిన్న సైజులు ముగించి, పెద్దవి తర్వాత చేస్తుంది. వీడియో వీలైనంత త్వరగా చూడదగ్గ స్థితికి రావాలన్నదే ఆ వరుసకు కారణం. అందుకే ఎక్కించిన కొద్దిసేపటికే వీడియో ఆడుతుంది కానీ 360పిలో ఆడుతుంది. అది చూసి వీడియో పాడైందనుకుని, తొలగించి మళ్లీ ఎక్కించేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే అప్పటిదాకా నడిచిన పని పోయి, కొత్త ఫైలు మొదటి నుంచి వరుసలో నిలబడుతుంది.

పెద్ద సైజులకు ఎంతసేపు పడుతుంది? గంట నిడివి, సెకనుకు 30 ఫ్రేములున్న 4కే వీడియోకు నాలుగు గంటల దాకా పట్టవచ్చని యూట్యూబ్ తన సహాయ పేజీల్లో చెబుతుంది. 60 ఫ్రేములైతే ఇంకా ఎక్కువ. ఆ లెక్కన మన 14 నిమిషాలకు సుమారు గంట. అయితే ఇది కచ్చితమైన హామీ కాదు. ఆ వేళకు ఎందరు ఎక్కిస్తున్నారు, మన ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉంది అన్నవాటిని బట్టి మారుతుంది. పైగా యూట్యూబ్‌కు ప్రతి నిమిషం 500 గంటలకు పైగా వీడియో వచ్చి చేరుతుంది. కాబట్టి లెక్కకు వచ్చిన గంటను గంటగా తీసుకోకుండా, 4కే వీడియోకు ఒక రాత్రి మొత్తం వదలడం మంచి పద్ధతి. 1080పికి మూడు నాలుగు గంటలు ఉంచుకుంటే సాధారణంగా సరిపోతుంది.

ఫైలును కొంచెం సిద్ధం చేసి పంపడం మన చేతిలో ఉంది. ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది. కొన్ని ఎడిటింగ్ ప్రోగ్రాములు దాన్ని ఫైలు చివర రాస్తాయి. ఆ సూచిక ముందే ఉండాలని యూట్యూబ్ సూచిస్తుంది. ముందుంటే ఫైలు మొత్తం చేరేదాకా ఆగకుండానే లోపలేముందో తెలుస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టు ఉన్నవాళ్లు నాణ్యత తగ్గకుండా ఒక్క వరుసతో దాన్ని ముందుకు జరపవచ్చు:

```
ffmpeg -i bobbatlu.mp4 -c copy -movflags +faststart bobbatlu_up.mp4
```

పెద్ద సైజు సిద్ధమైందో లేదో తెలుసుకోవడం సులువే. వీడియో తెరిచి గేరు గుర్తు నొక్కి క్వాలిటీ చూస్తే, వచ్చిన సైజులన్నీ వరుసగా కనిపిస్తాయి. 2160p ఆ వరుసలో లేకపోతే ఇంకా పని నడుస్తోందని అర్థం. స్టూడియోలో వీడియో వివరాల పేజీలో కూడా SD, HD, 4K అనే గుర్తులు ఒక్కొక్కటిగా చేరుతూ వస్తాయి.

ప్రాసెసింగ్ నడుస్తుండగానే తనిఖీలూ జరుగుతాయి. మన వీడియోలో ఇంకెవరిదైనా పాట ఉందా అన్నది అందులో ముఖ్యమైంది. పండగ వాతావరణం కోసం వెనకాల ఒక సినిమా పాట పది సెకన్లు పెట్టారనుకోండి. పాట హక్కుదారులు ముందే ఇచ్చిన నమూనాతో అది సరిపోలితే క్లెయిమ్ పడుతుంది. అప్పుడు ప్రకటనల ఆదాయం వాళ్లకు వెళ్లవచ్చు, కొన్ని దేశాల్లోనో అన్నిచోట్లానో వీడియో కనిపించకుండా పోవచ్చు. ఏం జరుగుతుందన్నది ఆ హక్కుదారు ఎంచుకున్న దాన్ని బట్టి ఉంటుంది. మనం అభ్యంతరం చెబితే జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. ఉగాది ఎప్పుడో అయిపోతుంది. పాటను కత్తిరించడం, మూగ చేయడం, వేరే సంగీతం పెట్టడం స్టూడియోలోనే చేయవచ్చు కానీ, ఆ మార్పు కూడా మళ్లీ ప్రాసెస్ కావాల్సిందే. అంటే తనిఖీ ఫలితం చూశాక కూడా ఒక పూట సమయం మిగిలి ఉండాలి. ముందురోజు సాయంత్రమే ఎక్కించమని చెప్పేది బొమ్మ నాణ్యత కోసం ఎంతో, ఈ ఒక్క కారణానికీ అంతే.

సబ్‌టైటిల్ ఫైలు ఎక్కడ చెడుతుంది

వినికిడి తక్కువైనవాళ్లకు, ఆఫీసులో శబ్దం ఆపి చూసేవాళ్లకు తెలుగు సబ్‌టైటిల్స్ కావాలి. డాలస్‌లో పుట్టి పెరిగి, తెలుగు విని సగమే అర్థం చేసుకునే పిల్లలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కావాలి. రెండు భాషలకు రెండు వేర్వేరు ఫైళ్లు. ఎక్కువమంది వాడేది `.srt` ఫైలు. లోపల చూస్తే ఇంతే ఉంటుంది:

```
1
00:00:04,200 --> 00:00:07,800
పావుకిలో పచ్చిశనగపప్పు
రెండు గంటలు నానబెట్టాలి

2
00:00:08,100 --> 00:00:10,900
నానాక నీళ్లు వంపేసి
కుక్కర్‌లో వేద్దాం
```

ఒక అంకె, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా కనిపించాలన్న సమయం, మాటలు, తర్వాత ఒక ఖాళీ వరుస. సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య ఉండేది కామా.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో టైపు చేయడం అలవాటు. అను ఫాంట్‌లో టైపు చేసింది ఆ ఫాంట్ ఉన్నచోటే తెలుగులా కనిపిస్తుంది. వేరే చోట తెరిస్తే పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. యూట్యూబ్ తెర మీద కూడా అవే వస్తాయి. సబ్‌టైటిల్స్ యూనికోడ్‌లో టైపు చేయాలి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఒక్కసారి చదువుకోవాలి. యూనికోడ్‌లో టైపు చేసినా నోట్‌ప్యాడ్‌లో భద్రపరిచేటప్పుడు `ANSI` అని ఉంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. అక్కడ `UTF-8` అని ఎంచుకోవాలి. కాబట్టి తెర మీద కనిపించేదాన్ని బట్టే జబ్బు తెలిసిపోతుంది. విడ్డూరమైన గుర్తులు వస్తే ఫాంట్ సమస్య. వరుసగా ప్రశ్నార్థకాలు వస్తే భద్రపరచడంలో సమస్య. ఫాంట్ సమస్యైతే మార్చుకుంటే బాగవుతుంది. ప్రశ్నార్థకాలైతే ఆ ఫైలులో అసలు అక్షరాలే మిగలవు, మూలప్రతి నుంచి మళ్లీ భద్రపరచాలి.

సమయాల విషయం ఇంకా సున్నితమైంది. సబ్‌టైటిల్స్ రాయడం పూర్తయ్యాక కుర్రాడు మొదట్లో ఉన్న రెండు సెకన్ల నమస్కారం తీసేశాడనుకోండి. చివరిదాకా ప్రతి మాటా రెండు సెకన్లు ఆలస్యంగా కనిపిస్తుంది. బెల్లం వేస్తుంటే పప్పు గురించి చదువుతాం. ఇది పసిగట్టడానికి వీడియో మొత్తం చూడనక్కర్లేదు. మొదటి నిమిషంలో ఒకచోట, నడిమధ్యన ఒకచోట, చివరి నిమిషంలో ఒకచోట చూస్తే చాలు. మూడుచోట్లా ఒకే తేడా ఉంటే మొదట్లో ఏదో కత్తిరించారు. మొదట్లో సరిగ్గా ఉండి మధ్య నుంచి తేడా వస్తే మధ్యలో కోత పడింది. తేడా కొద్దికొద్దిగా పెరుగుతూ పోతే సబ్‌టైటిల్స్ వేరే ఫ్రేము వేగం ఉన్న ప్రతికి తయారయ్యాయి. మొదటి రకాన్ని సబ్‌టైటిల్ ఎడిట్ వంటి ఉచిత ప్రోగ్రాములో ఒక్కసారిగా జరపవచ్చు. మిగిలినవాటికి ఎక్కువ పని పడుతుంది. ఎడిటింగ్‌లో ఇక ఒక్క ఫ్రేము కూడా కదలదు అని తేల్చుకున్నాకే సబ్‌టైటిల్స్ మొదలుపెట్టడం దీనికి అసలు మందు.

సమయాలు వేసే ఓపిక లేనివాళ్లు మాటలు మాత్రం రాసి ఎక్కిస్తే, యూట్యూబే గొంతు విని మాటల్ని సర్దే సౌకర్యం ఒకటుంది. అది యూట్యూబ్ గొంతును గుర్తుపట్టగలిగే భాషల్లోనే పనిచేస్తుంది. వీడియోలో మాట్లాడే భాషా రాసిన భాషా ఒకటే కావాలి. అంటే మన ఇంగ్లిష్ ఫైలుకు ఈ దారి లేదు. పైగా ఆ సర్దుబాటుకూ కొంత సమయం కావాలి. దానంతట అదే తయారయ్యే సబ్‌టైటిల్స్ కూడా వీడియో ఎక్కిన తర్వాత ఎప్పుడో వస్తాయి, ఎప్పుడన్నది మనం శాసించలేం. చెప్పిన గంటకు ఉండాల్సిన వీడియోకు వాటి మీద ఆధారపడకూడదు.

చివరగా ఒక చిన్న బటన్. సబ్‌టైటిల్ ఫైలు ఎక్కించాక పబ్లిష్ నొక్కాలి. డ్రాఫ్ట్‌గా వదిలేస్తే మనకు స్టూడియోలో కనిపిస్తుంది, ప్రేక్షకులకు కనిపించదు. వీడియోకు పెట్టిన షెడ్యూల్ సబ్‌టైటిల్ డ్రాఫ్ట్‌ను బయటకు తేదు.

థంబ్‌నెయిల్

దీనికి ప్రాసెసింగ్ భయం లేదు, ఫొటో ఎక్కించిన వెంటనే కూర్చుంటుంది. 1280 పిక్సెళ్ల వెడల్పు, 720 ఎత్తు, 2 ఎంబీ లోపు ఉండే జేపీజీ బొమ్మ ఎక్కడా అడ్డురాదు. సొంత థంబ్‌నెయిల్ పెట్టాలంటే ఛానల్‌ను ఫోన్ నంబరుతో ధ్రువీకరించి ఉండాలి. 15 నిమిషాలు దాటిన వీడియోలకూ అదే నియమం. కొత్త ఛానల్‌వాళ్లకు ఈ సంగతి సరిగ్గా పెట్టాల్సిన రోజునే తెలిసి వస్తుంటుంది.

ఆలస్యం జరిగేదల్లా బొమ్మ తయారీలో. నెయ్యి కారుతున్న బొబ్బట్టు ఫొటో కావాలంటే షూటింగ్ రోజు, పెనం మీద నుంచి తీసిన క్షణంలోనే తీసుకోవాలి. ఎడిటింగ్ అయ్యాక వీడియోలోంచి ఒక ఫ్రేము వెతికితే చెయ్యి కదిలిన మసకే దొరుకుతుంది. బొమ్మ మీద తెలుగు అక్షరాలు రాసేటప్పుడు ఫొటోషాప్ పాత వెర్షన్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే, టైప్ ప్రిఫరెన్సుల్లో దక్షిణాసియా లిపులకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజన్‌ను ఎంచుకుని ప్రోగ్రాము మళ్లీ తెరవాలి. ‘బొబ్బట్లు’ అన్న ఒక్క మాటలోనే కింద రెండు ఒత్తులున్నాయి. రెండు వరుసలుగా రాస్తే మధ్య ఎడం ఇంగ్లిష్ అక్షరాలకు ఇచ్చేదాని కన్నా ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. కుడివైపు కింది మూల యూట్యూబ్ వీడియో నిడివిని అంటిస్తుంది కాబట్టి అక్కడ ఏమీ రాయకూడదు.

గడియారం

ఇప్పుడు మంగళవారం సాయంత్రం ఆరున్నర నుంచి వెనక్కి నడుద్దాం. ఆ రోజు ఉదయం పది గంటలకు చివరి పరిశీలన. సోమవారం రాత్రంతా ప్రాసెసింగ్‌కూ తనిఖీలకూ. సోమవారం సాయంత్రం ఐదుకు అప్‌లోడ్ మొదలు, నెట్ బాగుంటే ఆరుకు, బాగోకపోతే ఎనిమిదిన్నరకు ముగింపు. సోమవారం పగలు సబ్‌టైటిల్స్, వాటి వెంటే ఫైలు ఎగుమతి. ఆదివారం రాత్రికి ఎడిటింగ్ ఖరారు. శనివారం షూటింగ్, ఆ రోజే థంబ్‌నెయిల్ ఫొటో. పాట మీద క్లెయిమ్ పడిందని మంగళవారం పొద్దున తెలిసినా మార్చుకోవడానికి ఎనిమిది గంటలుంటాయి.

షెడ్యూల్ సమయం ఎప్పుడు పెట్టాలన్నదే ఇక మిగిలింది. అప్‌లోడ్ చేస్తూనే పెట్టేయడం అందరికీ అలవాటు. నేను దానికి ఒప్పుకోను. షెడ్యూల్ పెట్టాక యూట్యూబ్ ఆ సమయానికి వీడియోను బయటపెడుతుంది. 4కే రాకపోయినా పెడుతుంది, సబ్‌టైటిల్స్ లేకపోయినా పెడుతుంది. మనవాళ్లకు ఏమేం కావాలో దానికి తెలియదు. కాబట్టి ముందు ప్రైవేట్‌గా ఎక్కించి వదిలేయాలి. పరిశీలనలో 2160p, రెండు భాషల సబ్‌టైటిల్స్, థంబ్‌నెయిల్, తనిఖీ ఫలితం అన్నీ కళ్లారా చూశాకే తేదీ, సమయం పెట్టాలి. ఎవరైనా మరిచిపోతే అప్పుడు వీడియో రాకుండా ఆగుతుంది, చెడిపోయి రాదు. ఆగిన వీడియోను ఒక్క నొక్కుతో విడుదల చేయవచ్చు. ఒకసారి విడుదలైన వీడియో ఫైలును మాత్రం మార్చే వీలు యూట్యూబ్‌లో లేదు. తీసేసి మళ్లీ ఎక్కిస్తే లింకు మారుతుంది, వచ్చిన చూపులూ వ్యాఖ్యలూ పోతాయి.

ఆరున్నర ఎవరి ఆరున్నర అన్నదీ చూడాలి. ఒంగోలులో సాయంత్రం 6:30 అంటే డాలస్‌లో ఆ మార్చి 17న ఉదయం 8 గంటలు. అమెరికాలో ఆ ఏడాది మార్చి 8న గడియారాలు గంట ముందుకు జరిగాయి. ఫిబ్రవరిలో ఇదే ఆరున్నరకు వదిలిన వీడియో అక్కడ 7 గంటలకు అందేది. అక్కడివాళ్లు ఉదయం ఏడుకు చూసే అలవాటు చూసి సమయం ఎంచుకున్నవాళ్లు మార్చిలోనూ నవంబరులోనూ మళ్లీ లెక్క చూసుకోవాలి.

వేరే సాఫ్ట్‌వేర్ ద్వారా షెడ్యూల్ చేసేవాళ్లకు ఈ లెక్క ఇంకా పదునైంది. యూట్యూబ్‌కు ఆ సాఫ్ట్‌వేర్ పంపే సమాచారం ఇలా ఉంటుంది:

```
"status": {
  "privacyStatus": "private",
  "publishAt": "2026-03-17T13:00:00Z"
}
```

చివరనున్న `Z` అంటే అది గ్రీనిచ్ సమయం. మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు, అందుకే 13:00 అంటే మనకు 6:30. తెలియక అక్కడ 18:30 రాస్తే వీడియో అర్ధరాత్రి పన్నెండింటికి వస్తుంది. గడిచిపోయిన సమయం రాస్తే ఇంకా ఘోరం, ఆ క్షణంలోనే బయటపడుతుంది. వీడియో ప్రైవేట్‌గా ఉంటేనే, అంతకుముందు ఎప్పుడూ బయటకు రాకుండా ఉంటేనే ఈ సమయం పనిచేస్తుంది. సొంతంగా ప్రోగ్రాము రాసుకునేవాళ్లకు ఇంకొక గోడ ఉంది. 2020 జులై 28 తర్వాత మొదలైన, గూగుల్ పరిశీలన పూర్తికాని ప్రాజెక్టుల ద్వారా ఎక్కించిన వీడియోలు ప్రైవేట్‌లోనే ఉండిపోతాయి.

ఇదే బొబ్బట్ల నుంచి నిమిషం రీల్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా పెట్టాలంటే పద్ధతి మారుతుంది. అక్కడ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్లు రెండు అంచెల్లో పనిచేస్తాయి. ముందు వీడియోనూ దానితో రాసే నాలుగు మాటల క్యాప్షన్‌నూ పంపితే ఇన్‌స్టాగ్రామ్ ఒక కంటైనర్ తయారు చేస్తుంది. అది సిద్ధమైందని, అంటే స్థితి `FINISHED` అని వచ్చాకే ప్రచురించమని అడగాలి. `IN_PROGRESS` అని ఉండగా అడిగితే పని జరగదు. నిమిషానికి ఒకసారి చొప్పున స్థితి చూడమని మెటా సూచిస్తుంది. ఆ కంటైనర్‌కు 24 గంటలే ఆయుష్షు, దాటితే `EXPIRED`. యూట్యూబ్‌లోలాగా వారం ముందే ఎక్కించి దాచుకోవడానికి ఇక్కడ ఈ దారిలో వీల్లేదు. అందుకే కొన్ని సాఫ్ట్‌వేర్లు చెప్పిన నిమిషం వచ్చాకే వీడియో పంపడం మొదలుపెడతాయి, పోస్టు కొన్ని నిమిషాలు ఆలస్యంగా పడుతుంది. మంచి సాఫ్ట్‌వేర్ కాస్త ముందే కంటైనర్ సిద్ధం చేసుకుని, సమయానికి ప్రచురణ మాత్రమే అడుగుతుంది. ఒక పోస్టును రేపటి మధ్యాహ్నానికి పెట్టి ఎన్ని నిమిషాల తేడాతో వచ్చిందో చూస్తే, మనం వాడేది ఏ రకమో తెలుస్తుంది.

మంగళవారం ఆరున్నరకు యూట్యూబ్ వీడియో బయటకు వచ్చాక, లాగిన్ కాని ఫోన్‌లోనో ఇన్‌కాగ్నిటో విండోలోనో తెరిచి చూడాలి. సొంత ఖాతాలో చూస్తే ప్రైవేట్ వీడియో కూడా ఆడుతుంది కాబట్టి ఏదీ తెలియదు. వాట్సాప్ గ్రూపులకు లింకు పంపేది ఈ చూపు తర్వాతే. ముందే పంపితే నొక్కినవాళ్లకు వీడియో ప్రైవేట్‌గా ఉందన్న మాటే కనిపిస్తుంది, వాళ్లు మళ్లీ వచ్చి నొక్కరు. సబ్‌టైటిల్స్ జాబితాలో తెలుగు ఉండి ఇంగ్లిష్ లేకపోతే స్టూడియోకు వెళ్లి డ్రాఫ్ట్‌ను పబ్లిష్ చేస్తే సరిపోతుంది, వీడియోను కదిలించనక్కర్లేదు. మాటల్లో దొర్లిన తప్పులూ అంతే. ‘పావుకిలో’ బదులు ‘పావు’ అని పడిందని ఎవరైనా వ్యాఖ్యలో రాస్తే, ఆ ఒక్క వరుస మార్చి భద్రపరచవచ్చు. లింకూ చూపులూ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.